సెక్రటరీ పదవి వదిలేస్తున్నాను, మెసేజ్ ఎలా రాయాలి?

నాకు 63 ఏళ్లు. నిజాంపేటలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి ఆరేళ్లుగా సెక్రటరీని. లీకేజీలు, పార్కింగ్ గొడవలు, లిఫ్ట్ ఆగితే అర్ధరాత్రి ఫోన్లు, ఉగాది నుంచి బతుకమ్మ దాకా ఏర్పాట్లు అన్నీ నేనే చూశాను. మొన్న వినాయక చవితి అయ్యాక ఒకాయన గ్రూపులో ‘లడ్డూ వేలం డబ్బు ఏమైంది?’ అని పెట్టారు. ఒక్కరూ నా తరఫున మాట్లాడలేదు. ఇక చాలనుకున్నాను. తప్పుకుంటున్నానని మెసేజ్ రాయబోతే ఒకసారి కోపం వస్తోంది, ఇంకోసారి క్షమాపణలా తయారవుతోంది. మా ఆవిడ ఈరోజే మానేయమంటోంది. నేను లేకపోతే వాచ్‌మన్ కుటుంబం సంగతేమిటని బెంగ. నా తర్వాత చేసేవాళ్లూ కనిపించడం లేదు. ఏం రాయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

నమస్కారమండీ. మెసేజ్ ఇవాళ పంపకండి. ముందు చవితి లెక్క తేలాలి. ఆ లెక్క గ్రూపులోకి రాకముందే మీ రాజీనామా వస్తే, మీరు ఎంత మర్యాదగా రాసినా ‘అడిగేసరికి వెళ్లిపోయాడు’ అనే అర్థం తీస్తారు. ఆరేళ్లు చేసిన పని ఆ ఒక్క మాట కింద పడిపోకూడదు. లెక్క పెట్టాక ఒక వారం ఆగి రాజీనామా చెప్పండి. అప్పుడు అది మీ నిర్ణయంగానే కనిపిస్తుంది.

పండగ డబ్బుల మీద అనుమానాలు చాలా అపార్ట్‌మెంట్లలో ఒకే చోట పుడతాయి. వేలంలో పాడిన మొత్తాన్ని అందరి ముందు మైకులో చెబుతారు. చేతికి వచ్చిన మొత్తాన్ని ఎవరూ చెప్పరు. లడ్డూ పాడుకున్నవారు కొంత అప్పుడే ఇచ్చి, మిగతాది వచ్చే చవితికల్లా ఇవ్వడం చాలా చోట్ల ఆనవాయితీ. చందా సంగతీ అంతే. ఇంటికి ఇంతని అనుకుంటారు గానీ అందరూ ఇవ్వరు.

మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి ఒక నమూనా చెబుతాను. ఇంటికి 1,500 చొప్పున 40 ఇళ్లకు 60,000. లడ్డూ 41,000కి పోయింది. రెండూ కలిపితే 1,01,000. ఖర్చు చూస్తే విగ్రహానికి 12,000, మండపం లైటింగుకు 16,000, పంతులుగారి సంభావన 9,000, అన్నదానానికి 24,000, నిమజ్జనం బండికీ డప్పులకూ 8,000. మొత్తం 69,000. బయటినుంచి చూసేవాళ్లకు 32,000 మిగలాలి. కానీ చందా ఇచ్చింది 34 ఇళ్లే, అక్కడ 9,000 రావాలి. లడ్డూ తాలూకు చేతికొచ్చింది 20,000, ఇంకా 21,000 రావాలి. అంటే సెక్రటరీ దగ్గర ఉన్నది 2,000. అడిగిన మనిషి మోసమని అనుకోవడానికి, మీరు అవమానమని బాధపడడానికి మధ్య ఉన్నది ఈ రాని 30,000 మాత్రమే కావచ్చు. అందుకే మీ లెక్కలో ‘అనుకున్నది, వచ్చింది, రావాల్సింది’ అని మూడు వరుసలు ఉండాలి. ‘ఆదాయం, ఖర్చు’ అని రెండే రాస్తే అనుమానం మళ్లీ అక్కడే మొదలవుతుంది.

ఆ కాగితాన్ని బిల్లులతో సహా ఇద్దరికి చూపించి సంతకాలు తీసుకోండి. ఆ ఇద్దరిలో ఒకరు ప్రశ్న అడిగినాయనే అయితే మంచిది. ‘రండి, బిల్లులు మీరే చూడండి’ అని పిలవండి, అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. ఆయన రాకపోతే మరొకరిని కూర్చోబెట్టి పని కానివ్వండి. డబ్బు ఇవ్వని ఇళ్ల నంబర్లు మాత్రం గ్రూపులో పెట్టకండి. ఆ జాబితా ట్రెజరర్‌కి ఇవ్వండి. గ్రూపులో పెడితే, మీరు మోసిన అవమానం వెళ్లేముందు ఇంకొన్ని ఇళ్లకు పంచినట్టవుతుంది, తర్వాత వచ్చేవారికి ఆ ఇళ్లతో మాటలుండవు.

ఎవరూ మీ తరఫున మాట్లాడలేదన్న బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. గ్రూపులో డబ్బు మాట వచ్చినప్పుడు మిమ్మల్ని నమ్మేవాళ్లు కూడా నోరు విప్పరు, వివరాలు తెలియకుండా మధ్యలో దూరితే తమనూ అంటారని. ఆ మౌనం మీకు మాత్రం అందరూ అనుమానించినట్టే వినిపించింది. ఈ బాధకు రాజీనామా మెసేజ్ చోటు కాదు. 40 ఇళ్లకు ఒకేసారి చెప్పిన నొప్పికి జవాబుగా దండం బొమ్మలు వస్తాయి తప్ప ఓదార్పు రాదు. మీకు దగ్గరైన ఇరుగుపొరుగులో ఒకరిని ఇంటికి పిలిచి, ‘ఆ రోజు మీరు ఒక్క మాట అంటారనుకున్నాను’ అని నేరుగా చెప్పండి. కోపంతో రాసుకున్నదాన్ని చించేయక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. క్షమాపణ ధోరణి మాత్రం పూర్తిగా తీసేయండి. జీతం లేని పనిని ఆరేళ్లు చేసి దిగిపోతున్న మనిషి ‘ఏమైనా తప్పులుంటే మన్నించండి’ అని రాస్తే, లడ్డూ ప్రశ్న నడుస్తున్న ఈ సమయంలో ఆ మాటను వేరేగా చదువుతారు.

ఇక దిగే పద్ధతి. మొదట ప్రెసిడెంట్‌కీ కార్యవర్గానికీ సంతకం పెట్టిన ఉత్తరం, ఆ తర్వాతే గ్రూపు మెసేజ్. మీ బైలాస్‌లో రాజీనామా గురించి ఏముందో ఒకసారి చూసుకోండి. తేదీ స్పష్టంగా రాయండి. ‘కొత్తవారు దొరికేదాకా’ అని రాస్తే వచ్చే చవితి మండపం కూడా మీరే వేయిస్తారు. ఎవరూ దొరక్కపోతే ఆ తేదీనుంచి బాధ్యత కార్యవర్గానిదని రాయండి, సర్వసభ్య సమావేశం పిలవాల్సింది వాళ్లు.

ఎవరూ ముందుకు రారన్నారు. మీరు చేసినదంతా చేసే ఒక్క మనిషి కోసం వెతికితే నిజంగానే రారు. ఉద్యోగం చేసుకునేవారు ఎవరైనా అర్ధరాత్రి లిఫ్ట్ ఫోన్లు చూసి భయపడతారు. ఫిర్యాదులు ఒకరికి, పండగలు ఇద్దరు ముగ్గురికి, డబ్బు ట్రెజరర్‌కి అని విడగొట్టి అడగమని కార్యవర్గానికి చెప్పండి. బతుకమ్మ ఏర్పాట్లు చూస్తామనే ఆడవాళ్లు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు, వాళ్లనెవరూ సెక్రటరీ పదవికి అడిగి ఉండరు.

ఒక సంగతి మర్చిపోకండి. గ్రూపులో మెసేజ్ పెట్టినంత మాత్రాన బ్యాంకులో మీ సంతకం ఆగదు. కొత్త సంతకందారుల పేర్లతో తీర్మానం, మినిట్స్ కాపీ, వాళ్ల కేవైసీ పత్రాలు బ్యాంకుకు చేరేదాకా ఖాతాకు జవాబుదారీ మీరే. అప్పటిదాకా పని ఆగకూడదని కొందరు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. మీరు ఆ పని అస్సలు చేయకండి. ఖాతాకు ఓటీపీలు మీ ఫోన్‌కే వస్తుంటే నంబర్ మార్పించండి. కామన్ మీటర్ కరెంటు బిల్లు, లిఫ్ట్ ఏఎంసీ, నీళ్ల ట్యాంకర్ వాళ్ల దగ్గర ఉన్నదీ మీ నంబరే అయితే అదీ మార్చాలి, లేకపోతే పదవి పోయినా ఫోన్లు పోవు. మీ సంఘం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైతే కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయించండి. 1995 సహకార చట్టం కింద నమోదైన సంఘాలూ ఉన్నాయి, మీది ఏదో సర్టిఫికెట్ చూస్తే తెలుస్తుంది.

వాచ్‌మన్ గురించి మీ బెంగ నాకు చాలా నచ్చింది. అతని జీతంలో కట్ కావాల్సిన అడ్వాన్స్ ఎంతుంది, పండగ బోనస్ ఎప్పుడు ఎంత ఇస్తున్నారు, వారానికి సెలవు ఎలా అన్నవి కాగితం మీద పెట్టి కార్యవర్గంతో ఒప్పించండి. ఇన్నాళ్లూ అవి మీ మాట మీద నడిచి ఉంటాయి, రాతలో లేకపోతే కొత్తవారికి తెలియవు. మీరు సొంతంగా చేబదులు ఇచ్చింది ఉంటే అది సంఘం లెక్కలో కలపకండి. వాళ్ల పిల్లల ఫీజుకో పుస్తకాలకో సాయం చేయాలనుకుంటే పక్కింటి పెద్దాయనగా చేయండి, దానికి సెక్రటరీ పదవి అక్కర్లేదు. ఈ ఏర్పాటంతా అతనికి మీరే ముందుగా చెప్పండి, గ్రూపులో వార్త తర్వాత వేరేవాళ్ల నోట వినకూడదు.

మెసేజ్ దాదాపు ఇలా ఉంటే చాలు:

‘అందరికీ నమస్కారం. నవంబర్ 30తో సెక్రటరీ బాధ్యతల నుంచి తప్పుకుంటున్నాను. ఉత్తరం ప్రెసిడెంట్ గారికి ఇచ్చాను. చవితి లెక్క, ఇద్దరు నివాసులు సరిచూసి సంతకం చేసినది, నోటీసు బోర్డులో ఉంది. అక్టోబరు వరకు మెయింటెనెన్స్ లెక్కలు, బిల్లులు ట్రెజరర్ గారికి అప్పగించాను. పూర్తికాని పనులు రెండున్నాయి: 302 బాత్రూమ్ నుంచి 202కి దిగుతున్న నీళ్లు, సంపు శుభ్రం చేయించడం. వీటి కాగితాలు కార్యవర్గం దగ్గర ఉన్నాయి. డిసెంబర్ 1 నుంచి ఫిర్యాదులు ప్రెసిడెంట్ గారికి చెప్పండి. కొత్తవారికి ఏదైనా తెలియాలంటే డిసెంబర్ నెలంతా ఆదివారం ఉదయం నేను అందుబాటులో ఉంటాను. కరెంటు పోయిన రాత్రుళ్లు జనరేటర్ దగ్గర నాతో నిలబడినవాళ్లకు, పండగ వంటల్లో చేయి వేసినవాళ్లకు కృతజ్ఞతలు.’

ఫ్లాట్ నంబర్లు, తేదీలు మీవి పెట్టుకోండి. లీకేజీ ఉన్న రెండు ఇళ్లవాళ్లను అడిగాకే వాళ్ల నంబర్లు రాయండి. కారణం రాయలేదని గమనించారా? ఆరోగ్యం అని అబద్ధం చెప్పక్కర్లేదు, నిజం చెప్పి చర్చకు తెర తీయక్కర్లేదు. ‘ఇంకొక్క ఏడాది ఉండండి సార్’ అని తప్పకుండా అడుగుతారు. ఆ గౌరవానికి సంతోషించండి, తేదీ మాత్రం మార్చకండి.

మీ ఆవిడ మాట కూడా నేను పక్కన పెట్టడం లేదు. ఆవిడకు ఈ పదవి అంటే భోజనం మధ్యలో లేచి వెళ్లే భర్త, తలుపు కొట్టే జనం. ఈరోజే మానేయమన్నది ఆ విసుగులోంచి వచ్చిన మాట. తేదీ ఆవిడకు ముందుగా చెప్పి, ఈలోగా రాత్రి తొమ్మిది తర్వాత సంఘం ఫోన్లు ఎత్తనని ఇప్పటినుంచే మొదలుపెట్టండి. లిఫ్ట్‌లో ఎవరైనా ఇరుక్కుంటే, మంటలు అంటుకుంటే అది వేరు, వాచ్‌మన్ తలుపు కొడతాడు.

డిసెంబర్‌లో ఎవరో ఒకరు కిందికి దిగుతుంటే ఆపి పార్కింగ్ గొడవ చెబుతారు. ‘అది ఇప్పుడు ప్రెసిడెంట్ గారు చూస్తున్నారండీ’ అనండి, సలహా కూడా ఇవ్వకండి. మొదటి కొన్ని వారాలు మీకు అది మొరటుగా అనిపిస్తుంది. ఫోన్ మోగకపోతే ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంటుంది. అలాంటప్పుడు మళ్లీ పనుల్లో వేలు పెట్టాలనిపించడం సహజం. పెడితే కొత్తవారి మాట ఎవరూ వినరు. గ్రూపులో సభ్యుడిగా ఉండండి, అడ్మిన్‌గా తప్పుకోండి, కొత్త అడ్మిన్‌ను పెట్టిన తర్వాతే.