తిరిగి పెట్టేద్దామని తీసుకున్న డబ్బు

ప్రశ్న: సార్, నాకు 25 ఏళ్లు. కామర్స్ డిగ్రీ చేసి ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. వసూళ్లు, ఖాతాలు రెండూ నేనే చూస్తాను. నాలుగు నెలల కిందట ఇంట్లో అత్యవసరం వచ్చి, ఒక కస్టమర్ కట్టిన 10,000 వాడేసుకున్నాను. తర్వాత ఇంకో కస్టమర్ డబ్బుతో అది సర్దాను. అప్పటి నుంచి అలా సర్దుకుంటూనే వస్తున్నాను. జీతంలోంచి మెల్లగా పెట్టేస్తే ఎవరికీ తెలియదు కదా? నిజాయితీ మీద ఉపన్యాసాలు చాలా విన్నాను. ఏం చేయాలో చెప్పండి చాలు.

జవాబు: మీ ఓనర్‌కు చెప్పేయండి. ఆయన కనిపెట్టేలోపు, మీ నోటితో మీరే. ఉపన్యాసం వద్దన్నారు కాబట్టి లెక్కల్లోంచే మాట్లాడతాను, అయినా మధ్యలో కాస్త ఉపన్యాసం దొర్లక తప్పదు.

మీరు చేస్తున్న పనికి అకౌంటింగ్‌లో ల్యాపింగ్ అని పేరుంది. ఇది ఎలా నడుస్తుందో మీకు తెలుసు, కానీ దూరం నుంచి ఒకసారి చూడండి. 1వ తేదీన మొదటి కస్టమర్ 10,000 కట్టారు, అది మీ జేబులోకి వెళ్లింది. 8వ తేదీన రెండో కస్టమర్ 15,000 కట్టారు. అందులో 10,000 మొదటివారి ఖాతాలో జమ రాసి, మిగిలిన 5,000 మాత్రం రెండోవారి పేరున వేశారు. 15న మూడో కస్టమర్ 12,000 తెచ్చారు. ఇప్పుడు 10,000 రెండోవారికి, 2,000 మూడోవారికి. లోటు అదే 10,000, పైసా తగ్గలేదు. చేతులు మారిందంతే. ప్రతి వారం ఒక అమాయకుడి ఖాతాలో లేని బాకీ కనిపిస్తోంది. మీరు వాడుకున్నది ఓనర్ డబ్బే అనుకుంటున్నారేమో, రోజువారీగా ఆ భారం మోస్తున్నది మాత్రం తమ బాకీ సక్రమంగా కట్టేసిన కస్టమర్లు.

మెల్లగా పెట్టేస్తే పోతుందా అన్నారు. డబ్బు పూడుతుంది, తేదీలు పూడవు. కస్టమర్ చేతిలో ఉన్న రసీదు మీద 8వ తేదీ ఉంటుంది. లెడ్జర్‌లో అదే డబ్బు కొంత 8న, కొంత 15న పడి ఉంటుంది. ఒకరు కట్టిన మొత్తం ఇద్దరి పేర్ల మీద చీలిపోయి ఉంటుంది. రసీదు పుస్తకాన్ని లెడ్జర్ పక్కన పెట్టి చూసే ఎవరికైనా ఇది గంటలో దొరికిపోతుంది. అంతకంటే ముందే ఏదో ఒక రోజు ఓనరే ఫోన్ చేసి బాకీ అడిగితే, "పోయిన వారమే కట్టాను కదండీ" అని అటువైపు నుంచి జవాబొస్తుంది. ఇలాంటివి ఎక్కువగా బయటపడేది ఆ దారిలోనే. అసోసియేషన్ ఆఫ్ సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్స్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వాళ్లు చూసిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు చెప్పడం వల్లే తెలిశాయి. బయటి ఆడిటర్లు పట్టుకున్నవి 3 శాతమే. ఆడిట్ గండం గట్టెక్కితే చాలనుకోవడంలో అర్థం లేదు.

ఈ నాలుగు నెలల్లో ఒక్క రోజైనా సెలవు పెట్టారా? పెట్టి ఉండరు. జ్వరమొచ్చినా ఆఫీసుకు వెళ్లి ఉంటారు, ఎందుకంటే మీ సీట్లో ఇంకొకరు కూర్చుంటే గొలుసు తెగిపోతుంది. చాలా బ్యాంకుల్లో కొన్ని సీట్లలో ఉన్నవాళ్లు ఏడాదికోసారి వరసగా రెండు వారాలు సెలవు తీసుకుని తీరాలన్న నియమం పెట్టడానికి కారణం ఇదే. మీ టెన్షన్ అంతా ఎవరికీ చూపించలేని ఆ చిట్టాను రోజూ మోయడంలో ఉంది.

ఇక చేయాల్సింది. రేపటి నుంచి ఎవరు కట్టిన డబ్బు వారి పేరుతోనే, ఆ రోజు తేదీతోనే జమ చేయండి. దాంతో లోటు ఒకచోట ఆగి కనిపిస్తుంది, కనిపించనివ్వండి. పాత ఎంట్రీలను దిద్దకండి, చెరపకండి. అలా చేస్తే మొదటి తప్పుకంటే అది పెద్దదవుతుంది. విడిగా ఒక కాగితం మీద రసీదు నంబరు, కస్టమర్ పేరు, డబ్బు అందిన తేదీ, మొత్తం, ఎవరి ఖాతాలో ఎప్పుడు వేశారు అనేవి వరుసగా రాయండి. నిజం చెప్పండి, తీసుకున్నది ఆ ఒక్క 10,000 మాత్రమేనా? సర్దుబాటు నడుస్తున్నప్పుడు మధ్యలో ఇంకో వెయ్యి, రెండు వేలు జారిపోవడం మామూలే. అసలు లెక్క మీకే తెలియకుండా ఓనర్ ముందుకు వెళ్లకండి. ఆ రోజు ఒక అంకె చెప్పి, తర్వాత ఇంకోటి బయటపడితే మీ మాటకు విలువ ఉండదు.

డబ్బు ఎక్కడినుంచైనా తెచ్చి చేతిలో పట్టుకుని వెళ్లడం మంచిది. మొత్తం దొరకకపోతే ఉన్నంత, మిగతాది ఎప్పటికి ఇస్తారో తేదీలతో సహా. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి, అప్పు అక్కడే పుట్టొచ్చు. ఇంకో సంగతి: తిరిగి ఇచ్చేసినంత మాత్రాన చట్టం దృష్టిలో నేరం మాసిపోదు. కాబట్టి రాతపూర్వకంగా ఏదైనా ఇచ్చే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. దాన్ని తప్పించుకునే ఎత్తు అనుకోవద్దు, సంతకం పెట్టేదేమిటో తెలుసుకుని పెట్టడం అది.

ఓనర్ దగ్గర కథ చెప్పకండి. "సార్, ఫలానా తేదీన కస్టమర్ డబ్బు 10,000 వాడుకున్నాను. దాన్ని కప్పిపుచ్చడానికి ఈ ఎంట్రీలు తప్పుగా వేశాను. లెక్క ఇదిగో, డబ్బు ఇదిగో." ఇంట్లో కష్టం గురించి ఆయన అడిగితేనే. ఉద్యోగం పోవచ్చు. పోతుందనుకునే వెళ్లండి. ఉంచినా డబ్బు పట్టే పని మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇది చదివే ఓనర్లకూ ఒక మాట. డొనాల్డ్ క్రెసీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త, నమ్మకమైన పదవుల్లో ఉండి డబ్బు వాడుకుని జైలుకెళ్లినవాళ్లతో మాట్లాడి, 1953లో తన పరిశీలన ప్రచురించాడు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, చేతికందే అవకాశం, "అప్పుగానే కదా" అని మనసుకు చెప్పుకునే సమాధానం, ఈ మూడూ వాళ్లలో కలిసి కనిపించాయి. మూడోదాన్ని మీరు ఆపలేరు. మొదటి రెండూ కొంతవరకు మీ చేతిలో ఉన్నాయి. డబ్బు తీసుకునే మనిషే ఖాతా రాస్తే అవకాశం మీరిచ్చినట్టే. ముగ్గురే ఉన్న ఆఫీసులో పనులు విడదీయలేమంటారు, నిజమే. అలాంటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు మీరే చూడండి. నెలకోసారి కస్టమర్లకు వాళ్ల బాకీ వివరాలు మీరే నేరుగా పంపండి. జీతం అడ్వాన్స్ అడగడానికి భయపడని వాతావరణం ఉంటే చెప్పుకోలేని ఇబ్బంది కూడా సగం తగ్గుతుంది. గల్లాపెట్టెలోంచి చీటీ రాయకుండా మీ సొంత ఖర్చుకు మీరే తీస్తుంటే మాత్రం, మీ దగ్గర పనిచేసేవాళ్లు ఎదురుగానే నేర్చుకుంటున్నారు.

మళ్లీ మీ దగ్గరికి. ఉద్యోగం పోతే, తర్వాతి ఇంటర్వ్యూలో "ఎందుకు మానేశారు" అని అడుగుతారు. "ఇంకా మంచి అవకాశం కోసం" అని చెప్పకండి, పాత సంస్థకు ఒక్క ఫోన్ కాల్‌తో అది తేలిపోతుంది. "ఖాతాల్లో నా వల్ల తప్పు జరిగింది, నేనే చెప్పి డబ్బు కట్టేశాను" అని చెప్పేంత చాలు. కొందరు అక్కడితోనే పంపించేస్తారు. కొన్నాళ్లపాటు డబ్బు చేతికి రాని పనులకే అప్లై చేయండి: బిల్లింగ్ డేటా, స్టాక్ లెక్కలు, టాక్స్ పేపర్లు సిద్ధం చేయడం లాంటివి. పాత ఓనర్ దగ్గర బాకీ పూర్తిగా తీరినట్టు కాగితం రాయించుకుని దాచుకోండి. ఈ వ్యవహారంలో ఆయన దగ్గర మీరు అడిగి తీసుకోవాల్సింది అదొక్కటే.