ప్రీమియం బయానా కాదు

సందేహం: కాల్ ఆప్షన్ గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ప్రీమియంను ‘బయానా’ అనీ, స్ట్రైక్ ప్రైస్‌ను ‘సమ్మె ధర’ అనీ రాశాను. రెండోది చూసి మా అబ్బాయి ఒకటే నవ్వు. సరైన మాటలేవి? ‘కొన్నవాడి నష్టం పరిమితం’ అంటే నష్టం తక్కువ అనేనా?

సమాధానం: ఈ రెండింటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది సమ్మె కాదు, బయానా. సమ్మె ధర అని చదివినవాళ్లు నవ్వి ఊరుకుంటారు. బయానా అని చదివినవాళ్లు నమ్మి లెక్క తప్పుతారు.

ముందు సమ్మె సంగతి. కాల్ ఆప్షన్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు, ఒక గడువు వరకు, కొనే హక్కు ఇచ్చే ఒప్పందం. ఇక్కడి స్ట్రైక్, బేరం కుదరడం అనే అర్థంలోని స్ట్రైక్. ఇవాళ మార్కెట్లో షేరు ఎంతకు పోతున్నా, ఈ ఒప్పందం కింద ఎంతకు కొనవచ్చో ముందే కుదుర్చుకున్న ధర అది. ‘కుదిరిన ధర’ అంటే చాలు. స్ట్రైక్ ధర అని ఉంచేసినా నాకు అభ్యంతరం లేదు, మార్కెట్లో తిరిగేవాళ్లు అనే మాట అదే.

ఇక బయానా. ఇల్లు కొనేటప్పుడు ఇచ్చే బయానా చివరికి ధరలో కలుస్తుంది, మిగతాది కడితే సరిపోతుంది. ప్రీమియం అలా కలవదు. అది వస్తువు ధరలో భాగం కాదు, కొనే హక్కుకు చెల్లించిన వెల. బీమాకు కట్టే ప్రీమియంలాగే ఇచ్చింది ఇచ్చినట్టే, తిరిగి రాదు. అందుకని ప్రీమియం అనే రాయండి, ఆ మాట అందరికీ తెలిసిందే.

ఒక లెక్క చూద్దాం. స్ట్రైక్ ధర 100, ప్రీమియం 5 (రూపాయలో డాలర్లో మీ ఇష్టం, బ్రోకరేజీ, పన్నులు పక్కన పెడదాం). గడువు ఆఖరి రోజున షేరు 130 ఉంటే, కొన్నవాడు 130 సరుకును 100కే తీసుకుంటాడు. 30 మిగులుతుంది, ముందు ఇచ్చిన 5 పోగా లాభం 25. మీ బయానా లెక్కలో అయితే ఆ రోజు 95 కడితే చాలనిపిస్తుంది, లాభం 30 అనిపిస్తుంది. తేడా వచ్చేది ఇక్కడే.

షేరు 103 దగ్గర ఆగితే? ‘105 దాటలేదుగా, హక్కు వాడి ఏం లాభం’ అని చాలామంది అంటారు. అది పొరపాటు. 5 ఎలాగూ పోయింది. హక్కు వాడితే 3 చేతికొస్తుంది, నష్టం 2తో ఆగుతుంది. వాడకపోతే మొత్తం 5 పోతుంది.

షేరు 80కి పడిపోతే 100 పెట్టి ఎవరు కొంటారు? హక్కును వదిలేస్తాడు. దీనికి తెలుగులో చక్కని మాట ఉంది: వాడుకోని సెలవులు మురిగిపోయినట్టు హక్కు మురిగిపోతుంది. పోయింది 5. షేరు సున్నాకి చేరినా పోయేది ఆ 5 మాత్రమే. అదే, 100కి కొని తీరాలని ఒప్పుకున్నవాడికైతే 80 దగ్గర 20 పోతుంది.

ఈ తేడా అంతా మన వ్యాకరణంలోనే ఉంది. కొన్నవాడికి ‘కొనవచ్చు’, ఆప్షన్ అమ్మినవాడికి ‘ఇవ్వాలి’. ఒకరిది వచ్చు, ఇంకొకరిది ఆలి. అయితే ‘వచ్చు’తో చిన్న చిక్కు ఉంది. ‘వాన రావచ్చు’లో అది అనుమానం, ‘మీరు లోపలికి రావచ్చు’లో అనుమతి. ‘అతను షేరు కొనవచ్చు’ అని ఊరికే రాస్తే కొంటాడేమో అనే అర్థం కూడా వస్తుంది. ‘కొనే హక్కు ఉంది, కొనాలన్న బాధ్యత లేదు’ అని విడదీసి రాయండి, కాస్త పొడుగైనా.

అమ్మినవాడి పరిస్థితి దీనికి తలకిందులు. అతనికి వచ్చేది 5 మాత్రమే. షేరు 180 అయినా 100కే ఇవ్వక తప్పదు. చేతిలో షేరు లేకుండా అమ్మినవాడు బయట 180 పెట్టి కొని ఇవ్వాలి. షేరు ఎంత పెరుగుతుందో హద్దు లేదు కనుక అతని నష్టానికీ హద్దు లేదు.

‘పరిమితం’ అంటే హద్దు ఉన్నది అని. తక్కువ అని కాదు. 100 పెట్టి ఒక షేరు కొన్నవాడికి ధర 80కి దిగితే 20 పోతుంది. అదే 100తో పైన చెప్పిన ఆప్షన్లు 20 షేర్లకు కొన్నవాడికి మొత్తం 100 పోతుంది. ఇంకో సంగతి: హక్కు వాడుకుని షేరు తీసుకున్నాక ఆ హద్దు ఉండదు, అప్పటినుంచి అది మామూలు షేరే. కాబట్టి మీ వాక్యాన్ని ‘కొన్నవాడికి ప్రీమియం మొత్తం పోవచ్చు, ఆప్షన్ వల్ల అంతకు మించి పోదు’ అని మార్చండి. ఇందులోని ‘పోవచ్చు’ మాత్రం వాన రావచ్చులోని వచ్చే.