హాస్టల్ పెట్టెలో ఏ నవలలు పెట్టాలి?

"అక్కా, వచ్చే వారం హాస్టల్‌కి వెళ్తున్నాను. పెట్టెలో రెండు నవలలకే చోటుంది. పాఠాలు తప్ప ఇంతవరకూ ఏమీ చదవలేదు. ఏవి పెట్టుకోను?"

బుజ్జీ, ముందు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' పెట్టుకో. మూడు భాగాలున్నా ఇప్పటికి మొదటిది చాలు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లాండు బయల్దేరతాడు. దారిలో తెలీక ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు. కొత్తచోట అందరూ మననే చూస్తున్నారనిపించే మొదటి వారంలో అతను నీకు మంచి తోడు. ఎక్కడ ఆపినా మళ్ళీ తేలిగ్గా అందుకోవచ్చు.

రెండోది 'అల్పజీవి'. రాసిన రావిశాస్త్రి గారు మన శ్రీకాకుళంలోనే పుట్టారు. ఇందులో సుబ్బయ్య అనే గుమస్తా అందరికీ భయపడతాడు. ఎదుటివాడు ఒక మాటంటే, అతని బుర్రలో పది ఆలోచనలు పరిగెడతాయి. బయట జరిగేదీ లోపల అనుకునేదీ కలిసిపోయి వస్తాయి కాబట్టి మొదట్లో తికమకగా ఉంటుంది. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ పేరా మెల్లగా పైకి చదువు, సుబ్బయ్య గొంతు పట్టుబడుతుంది. దీన్ని రోజుకి రెండు పేజీల చొప్పున చదివితే దారం తెగిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా మొదలుపెట్టు. సీనియర్ పిలిస్తే గుండె దడదడలాడినప్పుడు ఆ భయం ఎలా పెరుగుతుందో నీకే అర్థమవుతుంది.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గొప్పదే, కానీ ముగింపు చాలా బరువు. ఇంటిమీద బెంగ ఉన్నప్పుడు వద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా కాపీ ఇస్తాను.