పదం పొడవు కాదు, అతుకు చూడండి

ప్రశ్న: ఐసొలేటింగ్, ఫ్యూజనల్, అగ్లూటినేటివ్ భాషలంటే ఏమిటి? తెలుగు ఇందులో ఏది? భాషాశాస్త్రం అసలు తెలియని వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి.

నిర్వచనాలు పక్కన పెట్టి ఒక్క వాక్యం తీసుకుందాం: "నేను అతనికి మూడు పుస్తకాలు ఇచ్చాను." దీన్ని మూడు భాషల్లో విప్పి చూస్తే చాలు.

ముందు "అతనికి" చూడండి. చివరి "కి" ఊడదీస్తే "అతని" మిగులుతుంది. ఆ "కి" చేసే పని ఒక్కటే, పుచ్చుకున్నది ఎవరో చెప్పడం. పుచ్చుకున్నది ఆడమనిషైతే "ఆమెకి", పదిమందైతే "వాళ్ళకి". మనిషి మారాడు, సంఖ్య మారింది, "కి" మాత్రం చెక్కుచెదరలేదు. "పుస్తకాలకి" అన్నా అంతే. "ల" బహువచనం, "కి" విభక్తి, దేని గది దానిదే. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోవచ్చు, ఎక్కడ విప్పాలో కూడా తెలుస్తుంది. ఇది అగ్లూటినేటివ్, అంటే అతుకుల పద్ధతి.

ఇదే మాట సంస్కృతంలో: "అహం తస్మై త్రీణి పుస్తకాని అదదామ్." ఇక్కడ "అతనికి" అంటే "తస్మై". "ఆమెకి" అనాలంటే "తస్యై", "వాళ్ళకి" అనాలంటే "తేభ్యః". ఇప్పుడు "కి" అనే ముక్క ఏదో వేలుపెట్టి చూపించండి. "స్మై"లో ఉందంటే "తేభ్యః"లో అది లేదు. "భ్యః"లో ఉందంటే "తస్మై"లో లేదు. "స్మై" ఒక్కటే ఆడ కాదు, ఏకవచనం, చతుర్థి అని మూడు సంగతులూ ఒకేసారి చెబుతోంది. కాఫీలో పాలూ డికాషనూ కలిశాక వేరు చేయలేం కదా, ఇదీ అంతే. ఇది ఫ్యూజనల్.

చైనా వాళ్ళ మాండరిన్‌లో: "వో గెయ్ ల తా సాన్ బెన్ షూ." మాటకు మాట పెడితే: నేను, ఇచ్చు, అయిపోయింది, అతను, మూడు, కాపీ, పుస్తకం. "షూ" ఒక పుస్తకానికీ అదే, మూడింటికీ అదే. "తా" అంటే అతను, అతన్ని, అతనికి; మాట్లాడేటప్పుడు ఆమెకీ అదే. మరి ఎవరు ఎవరికిచ్చారో ఎలా తెలుస్తుంది? వరసను బట్టి. "తా గెయ్ ల వో" అని తిప్పితే "అతను నాకిచ్చాడు" అయిపోతుంది. తెలుగులో "అతనికి నేనిచ్చాను మూడు పుస్తకాలు" అని ఎటు తిప్పినా ఇచ్చింది నేనే, ఎందుకంటే కాపలాకి "కి" ఉంది. చైనీయంలో ఆ కాపలా పని వరస చేస్తుంది. ఇది ఐసొలేటింగ్.

ఐసొలేటింగ్ అంటే ప్రతి మాటా ఒకే అక్షరమని కొందరు అనుకుంటారు. అది తప్పు. చైనీయంలో రైలుని "హ్వొచె" అంటారు, విడదీస్తే "నిప్పు బండి". మన పాతకాలం వాళ్ళు పొగబండి అన్నట్టే. మాటకు మాట జోడించుకోవడానికి అడ్డేమీ లేదు, వ్యాకరణం కోసం తోకలు తగిలించడమే చాలా తక్కువ.

మధ్యలో ఒక ఫిర్యాదు. తెలుగువాళ్ళకి ఈ తేడా ఇంత ఆలస్యంగా తెలియడానికి సగం కారణం బడిలో బట్టీ పట్టించే "డు ము వు లు ప్రథమా విభక్తి" అని నా నమ్మకం. "లు" బహువచన గుర్తు, దానికి విభక్తుల పట్టికలో ఏం పని? ద్వితీయలో "ని, ను" పక్కన "ల" ఎందుకు కూర్చుంది? సంస్కృతంలో వచనం, విభక్తి విడదీయరానివి కాబట్టి అక్కడ రెండూ ఒకే పట్టికలో ఉండక తప్పదు. ఆ అచ్చు తెచ్చి, రెండూ హాయిగా విడిపోయే తెలుగు మీద బిగించారు. ఇంకా చిత్రం, ఈ పట్టిక ప్రకారం "కి" షష్ఠి. పైన "తస్మై" చతుర్థి అన్నాం కదా, సరిగ్గా ఆ పనే చేసే "అతనికి" మాత్రం షష్ఠిలోకి పోయింది! పిల్లలు తికమకపడకుండా ఏం చేస్తారు?

అలాగని తెలుగు నూటికి నూరుపాళ్ళు అతుకుల భాష అనుకోవద్దు. "ఇచ్చాను" విప్పండి: ఇచ్చ్, ఆ, ను. "ఆ" జరిగిపోయిందని, "ను" నేనని. "ఇచ్చావు", "ఇచ్చాడు" దాకా బండి సాఫీగా నడుస్తుంది. "ఇచ్చింది" దగ్గర ఆ "ఆ" మాయం. "ఇచ్చాడు"లోని "డు" కూడా మగ, ఏకవచనం అని రెండు పనులు కలిపి చేస్తోంది, అచ్చం ఫ్యూజనల్ లక్షణం. ధాతువు సంగతి సరేసరి: ఇచ్చాను, ఇస్తాను, ఇవ్వను అని మూడు వేషాలు. "ఇవ్వలేదు" అనేసరికి ఎవరు ఇవ్వలేదో చెప్పే ముక్కే రాలిపోయింది. నేనైనా, నువ్వైనా, వాడైనా అదే మాట. ఇల్లు, ఇంటికి, ఇళ్ళకి అన్నప్పుడు కూడా తోక శుభ్రంగానే ఉంది, మొదలే రూపు మార్చుకుంటోంది.

అతుకులు మరింత శుభ్రంగా చూడాలంటే టర్కీ భాష చూడండి. "వెర్" అంటే ఇచ్చు, "వెర్‌దిమ్" అంటే ఇచ్చాను, "వెర్‌మెదిమ్" అంటే ఇవ్వలేదు. లేదనే ముక్క "మె" మధ్యలో దూరింది. అటు "వెర్", ఇటు "దిమ్" ఉన్నచోటే ఉన్నాయి. "ఎవ్" ఇల్లు, "ఎవ్‌లెర్" ఇళ్ళు, "ఎవ్‌లెర్‌దె" ఇళ్ళలో. బహువచనం ముందు, విభక్తి తర్వాత, మన వరసే. మాటలోని అచ్చుని బట్టి "లెర్" కాస్తా "లర్" అవుతుంది, కాకపోతే ఎప్పుడవుతుందో కచ్చితంగా చెప్పే నియమం ఉంది.

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది పొడవు దగ్గర. పదం బారుగా ఉంటే అగ్లూటినేటివ్ అనేస్తారు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1954లో ఒక లెక్క వేశాడు, ఒక్కో పదంలో సగటున ఎన్ని అర్థవంతమైన ముక్కలున్నాయని. వియత్నామీస్‌కి 1.06, ఇంగ్లీషుకి 1.68 వచ్చాయి. అసలు చూడాల్సింది ఇది: సంస్కృతానికి 2.59, ఆఫ్రికాలోని స్వాహిలీకి 2.55. ముక్కల లెక్కలో రెండూ దాదాపు సమానం. అయినా స్వాహిలీని అగ్లూటినేటివ్ అంటారు, సంస్కృతాన్ని ఫ్యూజనల్ అంటారు. ఎన్ని ముక్కలన్నది ఒక ప్రశ్న, ముక్కలు శుభ్రంగా ఊడతాయా లేదా అన్నది వేరే ప్రశ్న.

ఊడతాయో లేదో చూడ్డానికి ఒకే తోకని ఏకవచనానికీ బహువచనానికీ, ఆడ మాటకీ మగ మాటకీ తగిలించండి. అన్నిచోట్లా అదే రూపంతో, టర్కీ "లెర్"లా నియమం ప్రకారం కాస్త మారినా సరే, అదే ఒక్క పనితో ఉంటే అతుకు. అసలు తోకే లేకపోతే ఐసొలేటింగ్. మాట మారినప్పుడల్లా తోక మారుతుంటే, లేదా ఒకే తోక నాలుగు పనులు చేస్తుంటే ఫ్యూజనల్.

హిందీ మీద పెట్టి చూడండి. "లడ్కే ఆయే" అంటే అబ్బాయిలు వచ్చారు. "లడ్కే కో బులావో" అంటే అబ్బాయిని పిలువు, ఒక్కణ్ణే. మొదటి "ఏ" బహువచనం, రెండోది "కో" రాబోతోంది కాబట్టి ఏకవచనం వేసుకున్న వేషం. బహువచనానికి అక్కడ "లడ్కోఁ కో" అనాలి. ఆడపిల్లల దగ్గరికొస్తే "లడ్కియాఁ", ఆ "ఏ" జాడే లేదు. "కో" మాత్రం ఎవరి పక్కనైనా మారకుండా విడిగా నిలబడుతుంది. ఒకే మాటల జంటలో సగం ఫ్యూజనల్, సగం కాదు. మనవాళ్ళు చాలామంది "లడ్కా కో" అనేసి దొరికిపోయేది ఇక్కడే: "కో" ఉంది కదా, ఇంక "లడ్కా" ఎందుకు మారాలి అనుకుంటారు. "ఇల్లుకి" అనకుండా "ఇంటికి" అంటున్నది తామేనని గుర్తుండదు.