అమ్మమ్మ గొట్టానికి పేరు పెట్టే ముందు

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మమ్మ పెట్టెలో దొరికిన చెక్క పనిముట్టు సేమియా గొట్టమని తేల్చి, చీటీ కూడా రాశావని, ఈ పండక్కి దానితోనే వంట చేస్తావని మీ అమ్మ చెప్పింది. పాత సామాను పారేయకుండా దాని పేరు వెతుకుతున్నందుకు గర్వంగానూ ఉంది, పొయ్యి మాట వినగానే గుండె దడగానూ ఉంది.

బిళ్ళకు సన్నటి చిల్లులు ఉన్నాయని ఆ పేరు పెట్టావట. అదే తప్పు నేను పెళ్ళయిన కొత్తలో చేశాను. అత్తగారింటి అటక మీద సన్న చిల్లుల బిళ్ళతో ఉన్న గొట్టాన్ని చూసి కారప్పూసదే అనుకున్నాను. పిండిలో వాము దంచకుండా అలాగే వేశాను. వాము గింజలు చిల్లులకు అడ్డం పడ్డాయి, పిండి కిందికి దిగక బిళ్ళ అంచు చుట్టూ పిసికినట్టు బయటికొచ్చింది. అక్కడే ఆగాల్సింది. నేను ఇంకా గట్టిగా నొక్కేసరికి కింది పిడి పాత పగులు దగ్గర విరిగి, గొట్టం కాగుతున్న నూనెలో పడింది. నా కుడి మణికట్టు మీది మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి, ఇదే దాని కథ. అత్తగారు తిట్టలేదు, కాలిన చోట చల్లటి నీళ్ళు పోస్తూ, ఆ బిళ్ళ వేరే ఇత్తడి గొట్టానిదని, చెక్కది జంతికలదని చెప్పారు.

బిళ్ళలు మారుతుంటాయమ్మా, అందుకే ముందు గొట్టం ఒళ్ళు చూడాలి. బిళ్ళ కూర్చునే గట్టు మీద అరిగిన వలయం బిళ్ళ అంచుతో సరిపోతోందా, సందు ఉందా చూడు. చెక్క నున్నగా అరిగిపోయి, బిళ్ళ చిల్లుల అంచులు మాత్రం వేలికి పదునుగా తగిలితే బిళ్ళ తర్వాత వచ్చినదే. పిడులు కూడా చెబుతాయి: పై పిడి మీద అరచేయి నొక్కినచోట, కింది పిడి అడుగున వేళ్ళు పట్టినచోట పల్లాలుంటే, అది రెండు చేతులతో మూకుడుపై పట్టి నొక్కినదని అర్థం. నూనె ఆవిరికి అడుగు నల్లబడి జిగటగా ఉంటే సందేహమే లేదు. సేమియా చేసే యంత్రానికైతే తిప్పే పిడి, బల్లకు బిగించే మరచుట్టు ఉంటాయి.

ఆ జిగటను తోమి తీసేయకు, అదే నీ సాక్ష్యం. నానబెట్టకు, చెక్క ఉబ్బి లోపలి దిమ్మె బిగుసుకుంటుంది.

పేరు సంగతి. మా వైపు జంతికల గొట్టం అంటాం, మీ మామగారి వైపు మురుకుల గిద్దలు అంటారు. చీటీ మీద రెండూ రాయి. పరీక్షించాలంటే పొయ్యికి దూరంగా, పళ్ళెంలో తడిగుడ్డ మీద కొంచెం పిండి నొక్కి చూడు.

పగుళ్ళున్నాయేమో కింది పిడి రెండు వైపులా గోరు ఆనించి చూసి, నూనె పెట్టకముందే నాకు ఫోను చెయ్యి.

పెద్దమ్మ