పాప పుట్టిందని పోస్టు పెట్టేటప్పుడు ‘ఫ్రెండ్స్’ అని పెడితే చాలా?

పాప పుట్టిందని ఫేస్‌బుక్‌లో పెడదామనుకుంటున్నా. అత్తగారివాళ్లు పాప ముఖం కనిపించే ఫొటో వద్దంటున్నారు. ‘ఫ్రెండ్స్‌’కి మాత్రమే కనిపించేలా పెడితే సరిపోతుందా?

సరిపోదు, ముఖ్యంగా ఎవరినైనా ట్యాగ్ చేస్తే. ఫేస్‌బుక్‌లో మీరు ‘ఫ్రెండ్స్’ అని ఎంచుకున్నా, మీ భార్యనో బావమరిదినో ట్యాగ్ చేస్తే మామూలుగా వాళ్ల ఫ్రెండ్స్‌కి కూడా ఆ పోస్టు కనిపిస్తుంది. వాళ్లలో మీకు ముఖపరిచయం కూడా లేనివాళ్లు ఎందరో ఉంటారు. కాబట్టి ట్యాగ్‌లు వదిలేయడమే తేలిక.

తర్వాత చూడాల్సింది ఫొటోలో ఏముందో. ఉదాహరణకు, అందరూ ముచ్చటపడి పెట్టే చిట్టి చెయ్యి ఫొటోనే తీసుకోండి. ముఖం లేదు కదా అనుకుంటాం. కానీ మణికట్టుకు ఆసుపత్రివాళ్లు కట్టిన బ్యాండ్ మీద తరచుగా తల్లి పేరు, పుట్టిన తేదీ, సమయం, ఆసుపత్రి నంబరు ఉంటాయి. జూమ్ చేస్తే చదవొచ్చు. పుట్టిన తేదీ ఆ పాపకు జీవితాంతం పనికొచ్చే గుర్తింపు వివరం. బ్యాండ్ కనపడకుండా కత్తిరించి, ‘మాకు పాప పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం’ అని రాస్తే కబురు అందరికీ చేరుతుంది, అత్తగారి మాటా నిలుస్తుంది. అమ్మమ్మకు, నానమ్మకు మాత్రం పోస్టుకన్నా ముందే ఫోన్ చేయండి. కబురు పక్కింటివాళ్ల ద్వారా తెలిస్తే ఆ అలక బారసాల దాకా పోదు.

నచ్చకపోతే తర్వాత డిలీట్ చేయొచ్చులే అన్నది చాలామంది పొరపాటు. మీ పోస్టు పోతుంది గానీ, ఈలోగా ఎవరైనా తీసి వాట్సాప్ గ్రూపులో వేసిన స్క్రీన్‌షాట్ పోదు.