అడ్వాన్సు ఎన్ని నెలల్లో కట్ చేయమని అడగాలి? మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి శ్రీనుకి, మావయ్య ఆశీస్సులు.

ఆపరేషన్ తర్వాత మీ అమ్మ లేచి నాలుగడుగులు వేస్తోందని నిన్న ఫోన్లో విని మనసు కుదుటపడింది. కానీ నువ్వు చివర్లో అన్న మాట మాత్రం రాత్రంతా బుర్రలో తిరిగింది. కంపెనీ ఇచ్చిన 60,000 అడ్వాన్సును ఎన్ని నెలల్లో కట్ చేయాలో రాసిమ్మని హెచ్ఆర్ వాళ్లు అడిగితే, "ఆరు నెలలని రాసేస్తా మావయ్యా, ఎక్కువ అడిగితే బాగుండదు" అన్నావు. ఇంకా రాసి ఇవ్వలేదు కదా? ఇది చదివాకే రాయి.

ఇరవై ఆరేళ్లు జీతాల సెక్షన్‌లో పనిచేశాను. ఎక్కువ నెలలు అడిగారని ఎవరినీ మేము తక్కువగా చూడలేదు. మాకు ఇబ్బంది అయ్యేది మొహమాటపడి తక్కువ నెలలు రాసిచ్చి, మూడో నెలలో వచ్చి "ఈసారి కోత ఆపండి సార్" అనేవాళ్లతోనే. ఆపాలంటే మళ్లీ మేనేజర్ సంతకం కావాలి, జీతాల లెక్క మార్చాలి. ఆ కాగితం ఫైల్లో ఉండిపోతుంది, రేపు మళ్లీ అవసరం వచ్చి అడ్వాన్సు అడిగితే ముందు అదే కనిపిస్తుంది.

నీ జీతం లెక్కే వేద్దాం. మొత్తం 32,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 30,000 వస్తుంది. నువ్వు చెప్పిన ఖర్చులు ఇవి: అద్దె, కరెంటు 9,000, సరుకులు, పాలు, గ్యాస్ 7,000, బండి కిస్తీ 3,000, అమ్మ మందులు 2,000, పెట్రోలు, ఫోన్లు 1,500. అన్నీ కలిపితే 22,500. ఆరు నెలలని రాస్తే నెలకు 10,000 కోత పడి చేతికి 20,000 వస్తుంది. అంటే మొదటి నెల నుంచే 2,500 తక్కువ. ఆ 2,500 ఎక్కడి నుంచి తెస్తావు? క్రెడిట్ కార్డు గీకుతావు, దాని బాకీ మోస్తే నూటికి నెలకు మూడు రూపాయల పైనే వడ్డీ. కంపెనీ డబ్బుకు నీ దగ్గర పైసా వడ్డీ తీసుకోవడం లేదు. వడ్డీ లేని అప్పును తొందరగా తీర్చడానికి వడ్డీకి అప్పు చేస్తానంటే ఎలా నాయనా?

సరే, 30,000లో ఖర్చులు పోగా 7,500 మిగులుతోంది కదా, ఎనిమిది నెలల్లో తీర్చేద్దాం అని కూడా అనుకోకు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మామూలు నెలను చూసి లెక్క కడతారు. ఏడాదిలో అన్నిటికంటే ఇరుకైన నెలను చూడాలి. మీ ఇంట్లో అది జూన్, పాప స్కూలు ఫీజు 15,000. కోత ఆగస్టు జీతంతో మొదలైతే మే వరకు పది నెలలు. నెలకు 1,500 పక్కన పెడితే ఫీజు చేతిలో ఉంటుంది. ఇక మిగిలేది 6,000. జ్వరాలకో, ఊరికి వెళ్లిరావడానికో ఒక వెయ్యి ఉంచుకో. నువ్వు నిజంగా కట్టగలిగింది 5,000. అరవై వేలను ఐదు వేలతో భాగిస్తే పన్నెండు నెలలు. నెలల సంఖ్య ఇలా చివర్లో తేలాలి. బోనస్ వస్తుందని, ఓటీ దొరుకుతుందని ఈ లెక్కలో కలపొద్దు.

రాసేముందు హెచ్ఆర్‌ని ఒక్క మాట అడుగు, కంపెనీ రూల్లో గరిష్ఠంగా ఎన్ని నెలలు ఇస్తారని. పది నెలలే అంటే నెలకు 6,000 అవుతుంది, చేతి ఖర్చుకని ఉంచిన వెయ్యి పోతుంది. అప్పటికీ నెట్టుకురావచ్చు, కానీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు. ఒక నెలలో కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదని వేతనాల కోడ్‌లో ఉంది. అది యజమానికి పెట్టిన హద్దు. నీ ఇల్లు ఎంతవరకు తట్టుకుంటుందో చట్టానికి తెలియదు, అది నువ్వే చెప్పాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మ పెళ్లికి నేను అప్పటి కంపెనీలో 3,000 అడ్వాన్సు తీసుకున్నాను. "నెలనెలా కొద్దికొద్దిగా కోసుకోగలరు" అని రాసిచ్చాను. ఎంత, ఎన్ని నెలలు అని రాయలేదు. అకౌంట్స్‌లో పెద్దాయన మారాడు, కొత్తగా వచ్చినాయన ఆ కాగితం చూసి రెండు నెలల్లో నెలకు 1,500 చొప్పున కోసేశాడు. చేతికొచ్చే జీతం 1,800. ఆ నెల 300 పట్టుకుని ఇంటికొచ్చాను. మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టాం. ఆయన తప్పేమీ లేదు, "కొద్దికొద్దిగా" అంటే ఎంతో ఆయనకేం తెలుసు?

అందుకే నీ కాగితం ఇలా ఉండాలి. ఇంగ్లీషులో మెయిల్ పెట్టినా ఇవే వివరాలు, ఇదే వరుస:

"గౌరవనీయులైన హెచ్ఆర్ మేనేజర్ గారికి,
విషయం: అడ్వాన్సును జీతం నుంచి సమాన వాయిదాల్లో మినహాయించమని అభ్యర్థన.
మా అమ్మగారి ఆపరేషన్ కోసం ఈ నెలలో కంపెనీ నుంచి రూ. 60,000 అడ్వాన్సు తీసుకున్నాను. దీనిని నా జీతం నుంచి నెలకు రూ. 5,000 చొప్పున 12 సమాన వాయిదాల్లో మినహాయించగలరు. మొదటి వాయిదా ఆగస్టు జీతంలో, చివరి వాయిదా వచ్చే ఏడాది జులై జీతంలో. ఇందుకు నా అంగీకారం తెలుపుతున్నాను. వీలైతే మిగిలిన బాకీని ముందుగా తీర్చే అవకాశం కూడా ఇవ్వగలరు. మీ ఆమోదాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

కింద పేరు, ఎంప్లాయీ నంబరు, తేదీ, సంతకం. ఇంటి కష్టాలన్నీ అందులో పెట్టకు, కారణం ఒక్క ముక్క చాలు. కోత మొదలయ్యే నెల మాత్రం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఈ నెల జీతంలోనే మొదలుపెట్టేస్తారు. ముందుగా తీర్చే మాట కూడా ఉండాలి, దసరాకో సంక్రాంతికో బోనస్ వస్తే నీ ఇష్టంతో ఒకేసారి కట్టి బయటపడొచ్చు. రాతలో ఆమోదం వచ్చేదాకా పని అయినట్టు కాదు. మేనేజర్ నోటితో "సరే" అన్నది జీతాల సెక్షన్‌కు చేరదు.

ఆగస్టు పే స్లిప్ రాగానే కోతల వైపు చూడు. అడ్వాన్సు రికవరీ అని 5,000 ఉందా, మిగిలిన బాకీ 55,000 అని చూపించారా? చూపించకపోతే నువ్వే ఒక నోట్‌బుక్‌లో నెల, కోత, బాకీ రాసుకో. తేడా ఉంటే ఆ వారంలోనే మెయిల్ పెట్టు, నాలుగు నెలలయ్యాక వెనక్కి సరిచేయడం ఎవరికైనా నరకం. వచ్చే ఏడాది ఆగస్టు స్లిప్ కూడా తప్పకుండా చూడు. వాయిదాలు అయిపోయాక కూడా సిస్టంలో ఆపడం మర్చిపోయి పదమూడో నెల కోసిన సందర్భాలు నా చేతి మీదుగానే జరిగాయి.

ఇంకొక్కటి. నువ్వు వేరే కంపెనీలో ఇంటర్వ్యూలు ఇస్తున్నావని తెలుసు. మధ్యలో మానేస్తే మిగిలిన బాకీ మొత్తం ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఒకేసారి పట్టుకుంటారు, చాలకపోతే నిన్ను కట్టమంటారు. డిసెంబరు జీతం తీసుకుని మానేశావనుకో, అప్పటికి ఐదు వాయిదాలు పోయి 35,000 ఉంటుంది. కొత్త ఆఫర్ ఒప్పుకునేముందు ఆ అంకె ఎదురుగా పెట్టుకో.

జీతాల లెక్క సాధారణంగా 20వ తేదీ తర్వాత కట్టేస్తారు, ఆ లోపే కాగితం ఇవ్వు. ఇచ్చేముందు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. అంకెలు ఒకసారి సరిచూసి చెబుతాను.

మీ మావయ్య